384 ఇళ్లలో పిల్లలెంతమంది?

మొదటి ప్రపోజల్‌లో నేను రాసిన అంకె 384. శ్రీకాకుళంలో మా చిన్న సంస్థ తరఫున ఉద్దానం వైపు ఐదు మండలాల్లో, ప్రోగ్రాం మొదలుపెట్టేముందు పరిస్థితి తెలుసుకోవడానికి చేయాల్సిన బేస్‌లైన్ సర్వే అది. డబ్బు ఇచ్చేవాళ్లు ‘శాంపిల్ ఎంత, ఎందుకంత’ అని రెండు లైన్లలో రాయమన్నారు. 95 శాతం నమ్మకం, ప్లస్ ఆర్ మైనస్ 5, అంచనా 50 శాతం అని పెట్టి చూస్తే ఎవరికైనా వచ్చే అంకె ఇదే. ఎమ్మెస్సీలో రాసిన ఫార్ములా కాబట్టి అనుమానం రాలేదు. పైగా 50 శాతం దగ్గర శాంపిల్ అన్నిటికన్నా ఎక్కువ వస్తుంది కదా, అక్కడ సరిపోతే మిగతా ప్రశ్నలన్నిటికీ సరిపోయినట్టే అని ఒక వాక్యం కూడా చేర్చాను. ఆ వాక్యం మీద నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

పంపేముందు ఒకసారి మాష్టారికి చూపిద్దామని వెళ్లాను. డిగ్రీ కాలేజీలో మాకు స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యారు, అరసవల్లి దగ్గర ఉంటారు. కాగితం చదివి, కళ్లజోడు నుదుటి మీదకి తోసి, “బానే ఉందమ్మా. ఈ మూడొందల ఎనభై నాలుగు ఏటి? ఇళ్లా, మనుషులా, పిల్లలా?” అన్నారు.

“ఇళ్లండీ.”

“మరి నీ ప్రశ్నలు ఇళ్ల గురించేనా?”

అక్కడ ఆగిపోయాను.

సర్వేలో మేం ‘ముఖ్యమైనవి’ అని గుర్తు పెట్టుకున్న ప్రశ్నలు నాలుగు. ఒకటి, తాగడానికి ప్లాంటు నీళ్ల డబ్బా కొంటున్న ఇళ్లు ఎన్ని. రెండు, ముప్పై దాటినవాళ్లలో గత ఏడాదిలో కిడ్నీ కోసం రక్త పరీక్ష చేయించుకున్నవాళ్లు ఎంతమంది. ఆ ప్రాంతంలో కిడ్నీ జబ్బు సంగతి అందరికీ తెలిసిందే. మూడు, ఏడాది నిండి రెండేళ్లు నిండని పిల్లల్లో టీకాలన్నీ పూర్తయినవాళ్లు ఎంతమంది. నాలుగు, గత రెండు వారాల్లో విరేచనాలు అయిన ఐదేళ్లలోపు పిల్లల్లో ఓఆర్ఎస్ తాగినవాళ్లు ఎంత శాతం. ఇవి కాక ఫారంలో ఇంకో యాభై ప్రశ్నలున్నాయి గానీ, వాటి కోసం సర్వే చేయడం లేదు.

మాష్టారు పెన్ను తీసి, కాగితం వెనకవైపు ఒక ఇంట్లో ఎంతమంది ఉంటారని అడిగారు. సగటున 3.8 అనుకున్నాం. రాష్ట్రంలో జననాల రేటు వెయ్యి మందికి ఏడాదికి 15 దగ్గర అని పెట్టుకున్నాం. ఏడాది నుంచి రెండేళ్ల మధ్య పిల్లలంటే ఒక ఏడాదిలో పుట్టిన పిల్లలే కాబట్టి, వెయ్యి మందిలో 15 మంది అనుకోవచ్చు. వంద ఇళ్లంటే 380 మంది. అందులో ఆ వయసు పిల్లలు 5.7 మంది. అంటే పదిహేడు పద్దెనిమిది ఇళ్లు తిరిగితే ఒక్క బిడ్డ దొరుకుతుంది. నా 384 ఇళ్లలో దొరికేది 22 మంది.

22 మందితో టీకాల శాతం చెబితే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, నన్నే లెక్క కట్టమన్నారు. నిజం 75 శాతం దగ్గర ఉంటే, ప్లస్ ఆర్ మైనస్ 18. అంటే 57కీ 93కీ మధ్య ఎక్కడో ఉంది అని రిపోర్టు రాయాలి. ఆ ముక్క చెప్పడానికి సర్వే ఎందుకు, ఇక్కడ కూర్చునే చెప్పొచ్చు.

‘50 శాతం పెడితే అన్నిటికీ సరిపోతుంది’ అన్న నా వాక్యం పూర్తిగా తప్పేం కాదు. ప్రతి ఇంట్లోనూ జవాబు చెప్పగలిగే ప్రశ్నలకి, అదే ప్లస్ ఆర్ మైనస్ 5 సరిపోయే ప్రశ్నలకి అది నిజం. జవాబు చెప్పాల్సిన మనిషే ఇంటింటికీ లేనప్పుడు 50 శాతమా 75 శాతమా అన్నది చిన్న విషయం. ఆ మనిషి కోసం ఎన్ని తలుపులు తట్టాలన్నదే అసలు లెక్క.

ఇంటికొచ్చి ఎక్సెల్‌లో ఒక్కో ప్రశ్నకి ఒక్కో వరస పెట్టాను. ఫార్ములా ఇదే, రెండో లైనే నేను ముందు వదిలేసింది:

```
n     = 1.96² × p × (1 − p) × deff / e²
ఇళ్లు = n / (ఒక ఇంట్లో దొరికే ఆ మనుషుల సగటు)
```

n అంటే జవాబు చెప్పాల్సిన మనుషులు, 1.96 అన్నది 95 శాతం నమ్మకానికి వచ్చే అంకె, p అంటే మనం ఊహించే శాతం, e అంటే ఓర్చుకోగల తేడా. ఫార్ములాలో శాతాల్ని వందతో భాగించి వేయాలి, 7 అంటే 0.07. deff సంగతి తర్వాత చెబుతాను, ముందు దాన్ని 1 అనుకున్నాను. ప్రతి వరసలోనూ e ఒకటే ఉండాలని రూలేం లేదు. ఆ అంకెతో మనం ఏ నిర్ణయం తీసుకుంటామన్న దాన్ని బట్టి e ఉండాలి. టీకాలకి 7 పెట్టాను. ఎందుకంటే మా ప్రోగ్రాం లక్ష్యం మూడేళ్లలో 75 నుంచి 90కి తీసుకెళ్లడం. ఇప్పుడూ, మూడేళ్ల తర్వాత మళ్లీ చేసినప్పుడూ ప్లస్ ఆర్ మైనస్ 7 స్థాయి శాంపిల్ ఉంటే ఆ పదిహేను పాయింట్ల పెరుగుదల స్పష్టంగా కనిపిస్తుంది. 80కే వెళ్తే కనిపించదు, అది ముందే ఒప్పుకున్నాం.

వరసలు ఇలా వచ్చాయి. ప్లాంటు నీళ్లకి 384 ఇళ్లు. రక్త పరీక్షకి, ఇంటికి ముప్పై దాటిన ఒకరిని చీటీ తీసి ఎంచుకుని, 25 శాతం అనుకుంటే 289 ఇళ్లు. టీకాలకి కావాల్సింది 147 మంది పిల్లలే, కానీ వాళ్లని పోగుచేయడానికి సుమారు 2,580 ఇళ్లు. ఇక ఓఆర్ఎస్. తేడా 10 వరకూ ఓర్చుకుంటామని, 60 శాతం మంది తాగిస్తున్నారని పెట్టుకుంటే కావాల్సింది 93 మంది పిల్లలు, నాలుగింటిలోనూ అతి చిన్న అంకె. కానీ వంద ఇళ్లలో ఐదేళ్లలోపు పిల్లలు 28 మంది ఉంటారు, రెండు వారాల్లో విరేచనాలు పట్టేది వాళ్లలో 7 శాతం దగ్గర, అంటే ఇద్దరికి. 93 మంది దొరకాలంటే 4,650 ఇళ్లు తిరగాలి.

మనుషుల్లో అతి తక్కువ అడిగిన ప్రశ్నే ఇళ్లలో అతి ఎక్కువ అడుగుతోంది. ఆ షీటు చూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

అన్నిటికన్నా బరువైన ప్రశ్న ఏదో దాన్ని బట్టి సర్వేని ప్లాన్ చేస్తే మిగతావి దాని నీడలో సర్దుకుంటాయని పుస్తకాల్లో ఉంటుంది. అలాగైతే ఓఆర్ఎస్ చుట్టూ ప్లాన్ చేయాలి. మర్నాడు మాష్టారితో అదే అన్నాను.

“దాంతో మీరు ఏటి చేస్తారు?” అన్నారు.

“రిపోర్టులో వేస్తామండీ.”

“రిపోర్టులో వెయ్యడం కాదమ్మా. ఆ అంకె నలభై అయితే ఒకటి చేస్తాం, డెబ్భై అయితే ఇంకోటి చేస్తాం అనేది ఏదైనా ఉందా మీ దగ్గర?”

లేదు. మా ప్రోగ్రాంలో ఓఆర్ఎస్ మీద పనే లేదు. పాత సర్వే ఫారం నుంచి ప్రశ్నలు తెచ్చుకున్నప్పుడు అది కూడా వచ్చేసింది, చూడటానికి ముఖ్యంగా ఉంది కాబట్టి ముఖ్యమైన వాటిలో కూర్చుంది. పైగా మేం వెళ్లేది జనవరి, ఫిబ్రవరిల్లో. వానాకాలంలో దొరికినన్ని కేసులు అప్పుడు దొరకవు, కాబట్టి 4,650 కూడా తక్కువ అంచనాయే. బరువైన ప్రశ్నని వెతికే ముందు, ఆ ప్రశ్న లిస్టులో ఉండాల్సిందేనా అని అడగాలన్నమాట. ఓఆర్ఎస్‌ని ఫారంలో ఉంచాం, ముఖ్యమైన నాలుగింటి నుంచి దించేశాం. దొరికినన్ని కేసులు దొరుకుతాయి, శాతం వేయం, ఎంతమందిలో ఎంతమంది అని మాత్రం రాస్తాం. దీనికి మా డైరెక్టరు గారిని ఒప్పించడానికి రెండు మీటింగులు పట్టింది. పిల్లల విరేచనాలు ముఖ్యం కాదంటారా అని ఆయన బాధ. ముఖ్యమే, కానీ ఈ సర్వేకి కాదు.

మిగిలిన మూడింటిలో బరువైనది టీకాలు. దాని చుట్టూ ప్లాన్ మొదలుపెట్టాను.

2,580 ఇళ్లలో ఫారం మొత్తం నింపడం మా వల్ల కాదు. ఒక మనిషి రోజుకి ఎనిమిది, పది ఇళ్లకంటే చేయలేడు. కానీ టీకాల కోసం 2,580 ఇళ్లలో పూర్తి ఫారం అక్కర్లేదు. ప్రతి ఇంటి ముందూ ఆగి ‘ఇంట్లో చిన్నపిల్లలున్నారా, ఎప్పుడు పుట్టారు’ అని అడిగి రాసుకుంటే చాలు, అదే లిస్టింగ్. ఇద్దరు కలిసి రోజుకి వంద ఇళ్ల దాకా చేయగలరు. లిస్టులో దొరికిన ఏడాది–రెండేళ్ల పిల్లలందరినీ తీసుకోవాలి. నీళ్లు, రక్త పరీక్ష ప్రశ్నలకి అదే లిస్టులోంచి ఊరికి పది ఇళ్లు చీటీ తీసుకోవాలి. బరువైన ప్రశ్న భారం లిస్టింగ్ మీద పడుతుంది గానీ, ఫారం మీద పడదు. ఇక్కడిదాకా నాకు చాలా తెలివిగా అనిపించింది.

ఎన్ని ఊళ్లు అన్న దగ్గర బోల్తా పడ్డాను. టీకాల సర్వే అంటే 30 ఊళ్లు, ఊరికి 7గురు పిల్లలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ పాత పద్ధతి ఒకటి ఉంది, ఈ రంగంలో ఉన్నవాళ్లందరి నోటా ఉంటుంది. 210 మంది పిల్లలతో ప్లస్ ఆర్ మైనస్ 10 వస్తుందని దాని హామీ. మామూలు లెక్కలో దానికి 96 మంది చాలు. అంతకి రెట్టింపు ఎందుకంటే, ఒక ఊళ్లో పిల్లలు ఒకలాగే ఉంటారు కాబట్టి. ఏఎన్ఎమ్ సరిగా వచ్చే ఊళ్లో ఏడుగురికీ టీకాలు పడి ఉంటాయి, రాని ఊళ్లో ఏడుగురికీ ఏదో ఒకటి తప్పి ఉంటుంది. ఏడోవాడిని అడిగితే కొత్తగా తెలిసేది తక్కువ. ఆ నష్టానికి కట్టే వడ్డీయే deff, డిజైన్ ఎఫెక్ట్. ఏడుగురికి అది 2 అనుకుంటే, ఊళ్లో ఒకరికొకరు పోలిక ఆరో వంతు అన్నమాట:

```
deff = 1 + (m − 1) / 6        m = ఊరికి పిల్లలు
```

ముప్పై ఊళ్లే తీసుకుందామనుకున్నాను. 2,580 ఇళ్లు ముప్పైకి పంచితే ఊరికి 86 ఇళ్లు, 4.9 మంది పిల్లలు. deff 1.65 వచ్చింది. అంటే 147 చాలదు, 243 మంది కావాలి. సరే, ఊరికి 8 మంది. కానీ 8 మంది అయితే deff 2.2కి పెరుగుతుంది, 320 మంది కావాలి. ఊరికి 10.7. మళ్లీ వేస్తే 384 వచ్చింది. ఆ అంకెని మళ్లీ చూసి నవ్వొచ్చింది గానీ, అదీ ఆగలేదు. కుక్క తన తోకని తరిమినట్టు ఊరికి పిల్లల్ని పెంచితే deff పెరుగుతోంది, deff పెరిగితే పిల్లలు కావాలంటోంది. చివరికి 668 మంది దగ్గర ఆగింది. ఊరికి 22 మంది, అంటే ఊరికి 390 ఇళ్లు లిస్టు చేయాలి. మొత్తం పదకొండు వేల పైచిలుకు.

తప్పు ఎక్కడుందంటే, ఊళ్ల సంఖ్యని కదలకుండా పట్టుకుని పిల్లల్ని పెంచుతూ పోయాను. ఊళ్లు పెంచి చూస్తే చిత్రం మారిపోయింది. 40 ఊళ్లయితే 316 మంది చాలు, ఊరికి 138 ఇళ్లు. 50 అయితే 240 మంది, ఊరికి 84 ఇళ్లు. 60 అయితే 207 మంది, ఊరికి 60 ఇళ్లు. ముప్పై నుంచి నలభైకి వెళ్తే సగానికి పైగా తగ్గింది. యాభై నుంచి అరవైకి వెళ్తే తగ్గేది ముప్పై ముగ్గురు పిల్లలే, దానికి పది ఊళ్లకి జీపు అదనంగా కట్టాలి. యాభై దగ్గర ఆగాం.

ఇంట్లో లేనివాళ్ల సంగతి కూడా కలపాలి. మా వైపు అదే పెద్దది. కూలికి చెన్నై వెళ్లిన కుటుంబాల ఇళ్లకి తాళాలు ఉంటాయి. తీరం ఊళ్లలో మగవాళ్లు గుజరాత్ బోట్ల మీద ఉంటారు, అది టీకాల ప్రశ్నకి అడ్డు కాదు, తల్లి ఉంటే చాలు. కానీ తల్లి పుట్టింటికి వెళ్తే బిడ్డా వెళ్తుంది, టీకాల కార్డూ వెళ్తుంది. పదిశాతం పోతారనుకుని ఊరికి వంద ఇళ్లు అని నిర్ణయించాం. మొత్తం 5,000 ఇళ్ల లిస్టింగ్. 285 మంది పిల్లలు ఉండాలి, పదిశాతం పోయినా 256 మంది చేతిలో ఉంటారు, కావాల్సింది 240. చీటీ తీసిన ఇళ్లు ఊరికి పది చొప్పున 500. రక్త పరీక్షకి ఊరి పోలిక చాలా తక్కువ ఉంటుంది, దానికి 420 ఇళ్లు చాలు. అది సర్దుకుంది.

బరువైన దాని చుట్టూ ప్లాన్ చేస్తే మిగతావి సర్దుకుంటాయన్నారు కదా. నీళ్ల ప్రశ్న సర్దుకోలేదు.

ఇళ్లలో చూస్తే అది తేలిక ప్రశ్న, ప్రతి ఇల్లూ జవాబు చెబుతుంది. కానీ ఊళ్లో ప్లాంటు ఉంటే దాదాపు అందరూ డబ్బా కొంటారు, లేకపోతే ఎవరూ కొనరు. పోలిక టీకాలకన్నా ఎక్కువ, ఆరో వంతు బదులు 0.3 పెట్టుకున్నాను. 50 ఊళ్లు, ఊరికి 10 ఇళ్లతో ప్లస్ ఆర్ మైనస్ 8.4 వస్తోంది. డబ్బు ఇచ్చేవాళ్లకి 5 అని చెప్పాం.

“లిస్టింగులోనే అడిగేస్తే పోలా? ఐదువేల ఇళ్లు తిరుగుతున్నాం కదా!” అన్నాడు మా డేటా కుర్రాడు. ఒక్క ప్రశ్నే కదా, మంచి ఆలోచనే అనిపించింది. లెక్క కట్టాను. ఇళ్లు పదింతలైతే 8.4 కాస్తా 7.7కి దిగింది. అంతే. ఊరికి వెయ్యి ఇళ్లు అడిగినా 7.6 కిందకి దిగదు, ఎందుకంటే మొదటి పది ఇళ్లలోనే ఆ ఊరి సంగతి తెలిసిపోతుంది. మిగతా తొంభై ఇళ్లూ అదే మాట చెబుతాయి. 5 కావాలంటే ఊరికి పది ఇళ్ల చొప్పున 142 ఊళ్లు వెళ్లాలి.

అంటే బరువు రెండు రకాలు. టీకాల ప్రశ్న ఇళ్లు కావాలంటుంది, నీళ్ల ప్రశ్న ఊళ్లు కావాలంటుంది. ఇళ్ల లెక్కలో మాత్రమే పెద్దదాన్ని వెతికితే రెండోది కనపడదు. నేను ఎక్సెల్‌లో ఇంకో కాలమ్ పెట్టాల్సింది, ప్రశ్నకి ఎన్ని ఊళ్లు కావాలో. అది ముందే పెట్టి ఉంటే ఈ మాట ప్రపోజల్‌లోనే రాసేదాన్ని. ఇప్పుడు తలొంచుకుని డబ్బు ఇచ్చేవాళ్లకి ఫోన్ చేయాల్సి వచ్చింది. నీళ్ల మీద వాళ్లు తీసుకునే నిర్ణయం ఏంటని అడిగాను. ‘సగం కన్నా తక్కువ ఇళ్లు కొంటుంటే ప్లాంట్లకి డబ్బు పెడతాం’ అన్నారు. శాతం ఎక్కడో 30లోనో 70లోనో ఉంటే 8.4 చాలు, సరిగ్గా సగం దగ్గర ఉంటే 5 కూడా చాలదు అని చెప్పాను. కాసేపు మాట్లాడుకున్నాక 8.4కి ఒప్పుకున్నారు. టీకాల చుట్టూ వేసిన 50 ఊళ్ల ప్లానే నిలబడింది.

ఫీల్డులో నన్ను ఇబ్బంది పెట్టింది శాంపిల్ లెక్క కాదు, పిల్లల వయసు. మొదటి పన్నెండు ఊళ్ల లిస్టింగ్ వచ్చింది. పన్నెండు వందల ఇళ్లలో ఏడాది–రెండేళ్ల పిల్లలు 68 మంది దాకా ఉండాలి. 47 మందే ఉన్నారు. అంచనా తప్పేమో, జనం తక్కువ కంటున్నారేమో అనుకున్నాం. కానీ రెండేళ్ల నుంచి మూడేళ్ల మధ్య పిల్లల్ని లెక్కపెడితే 83 మంది! రెండూ కలిపితే 130, ఉండాల్సింది 137. పిల్లలు ఎక్కడికీ పోలేదు, వయసు మారింది. నెలల వారీగా చూస్తే 24, 25 నెలల దగ్గర ఒక గుట్ట, 22, 23 దగ్గర ఒక గొయ్యి.

కారణం మా ఏర్పాటులోనే ఉంది. లిస్టు రాసేవాళ్లే తర్వాత ఫారం నింపేవాళ్లు. ఏడాది–రెండేళ్ల బిడ్డ ఉందని రాస్తే టీకాల ఫారం నాలుగు పేజీలు అదనం. తల్లిని అడిగితే “ఏమోనమ్మా, రెండేళ్లు ఉంటాయి” అంటుంది, దాన్ని 24 నెలలు అని రాసుకుంటే పని తప్పుతుంది. ఎవరో కావాలని మోసం చేశారని నేను అనుకోను. అలసిపోయిన మనిషి చెయ్యి తేలికైన వైపుకి వంగుతుంది. ఎవరినీ తిట్టలేదు గానీ, ఆ పన్నెండు ఊళ్లకీ మళ్లీ వెళ్లాం. అక్కడినుంచి లిస్టులో వయసు రాయడం మానేసి, మూడేళ్లలోపు పిల్లలందరి పుట్టిన తేదీ రాయమన్నాం. కార్డు ఉంటే కార్డులోంచి, లేకపోతే పండగలతో. “సంక్రాంతికి ముందా వెనకా? రథసప్తమికి పురిట్లో ఉన్నావా?” అంటే తల్లికి ఠక్కున గుర్తొస్తుంది. ఎవరు లెక్కలోకి వస్తారన్నది సాయంత్రం సూపర్‌వైజరు తేల్చేది. గొయ్యి పూడింది.

అంగన్‌వాడీ లిస్టు తీసుకుంటే ఈ తిరుగుడంతా తప్పేది కదా అని ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరు అన్నారు. నిజమే, ఆ లిస్టు చాలా చోట్ల బాగుంటుంది. కానీ అందులో లేని బిడ్డ ఎవరంటే, వేరే ఊరి నుంచి వచ్చి జీడితోటలో కాపలా ఉంటున్న కుటుంబం బిడ్డ. టీకా తప్పిపోయే అవకాశం ఎక్కువగా ఉన్నది కూడా ఆ బిడ్డకే. లిస్టుని సరిచూసుకోవడానికి వాడాం, ఎంచుకోవడానికి వాడలేదు.

మొత్తం అయ్యేసరికి మార్చి మొదటి వారం దాటింది. రిపోర్టు చిత్తుప్రతి పంపిన నాలుగో రోజు డబ్బు ఇచ్చేవాళ్ల దగ్గర్నుంచి మెయిలు వచ్చింది. అంతా బాగుందట, టీకాల పట్టిక మాత్రం ఐదు మండలాలకీ విడివిడిగా వేసి పంపమన్నారు. ఏ మండలం వెనకబడిందో చూడాలట. ఈ మాట మొదట్లో అని ఉంటే ప్లాన్ మొత్తం ఐదింతలయ్యేది. బరువైన ప్రశ్న అంటే టీకాలు కాదు, ‘ఒక మండలంలో టీకాలు’ అయ్యేది.

240 మందిని ఐదుగా పంచితే మండలానికి 48 మంది, ఊరి పోలిక కూడా కలిపితే ప్లస్ ఆర్ మైనస్ 16. ఒక మండలం 66, ఇంకోటి 84 అని కనపడినా, రెండూ ఒకటే అయ్యుండొచ్చు. డైరెక్టరు గారు “అడిగారు కదా, వేసేద్దాం, కింద చిన్న అక్షరాల్లో గమనిక పెడదాం” అన్నారు. గమనిక ఎవరూ చదవరు, వెనకబడిన మండలం అని ఒక పేరు మాత్రం మీటింగుల్లో తిరుగుతుంది, అక్కడి ఏఎన్ఎమ్‌లకి మెమోలు వెళ్తాయి. నేను వేయనన్నాను. మండలానికి ఎంతమంది పిల్లల్ని చూశామో ఆ సంఖ్యలు మాత్రం పెట్టి, శాతం కాలమ్‌లో ఐదు గీతలు గీసి పంపాను.

జవాబు రెండు రోజుల తర్వాత వచ్చింది. మండలాల వారీగా కావాలంటే ఎన్ని ఇళ్లవుతాయో చెప్పమన్నారు. ఎక్సెల్ తెరిచి, ఈసారి ఊళ్ల కాలమ్ కూడా ముందే పెట్టుకున్నాను.